నాన్నకి వీడియో కాల్ యాప్ పెట్టించాలి, నా మెసేజ్‌లో తప్పెక్కడుందో చెప్పండి

మెల్‌బోర్న్_తెనాలి
మా నాన్న తెనాలిలో ఒక్కరే ఉంటారు, 71 ఏళ్ళు, లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి ఇద్దరం కంప్యూటర్‌లో స్కైప్‌లోనే మాట్లాడుకున్నాం, ఆదివారం పొద్దున్నే టిఫిన్ అయ్యాక ఆయన కుర్చీ లాక్కుని కూర్చునేవారు, నేను రింగిచ్చేదాన్ని. 2025 మే 5న స్కైప్ మూసేశారు, అప్పట్నుంచి మామూలు ఫోన్ కాల్సే, మొహం చూసుకోవడం లేదు. మొన్న తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చినప్పుడు ఒక స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి మర్నాడే వెళ్ళిపోయాడు. అందులో కొత్త సిమ్ వేశాడు, నాన్న పాత నంబర్ మాత్రం ఇంకా ఆయన బటన్ల ఫోన్‌లోనే ఉంది. వాట్సాప్ పెట్టుకోమని నేను మెయిల్ చేశా, మెయిల్ ఆయన కంప్యూటర్‌లో బాగానే చూస్తారు. నేను పంపింది ఇదీ:

"నాన్నా, ప్లే స్టోర్‌కి వెళ్ళి వాట్సాప్ ఇన్‌స్టాల్ చేసి నీ పాత నంబర్‌తో వెరిఫై చేసుకో. ఓటీపీ వస్తుంది, ఎవ్వరికీ చెప్పకు. పర్మిషన్లు అడుగుతుంది ఇచ్చెయ్. తెలియనిది ఏదన్నా వస్తే Don't allow నొక్కు. నా నంబర్ సేవ్ చేసుకుని వీడియో కాల్ చెయ్యి. చాలా ఈజీ."

మూడు వారాలైంది. ఓటీపీ దగ్గరే రెండు రోజులు ఆగిపోయారు. ఎలాగో అది దాటాక ఇప్పుడు పరిస్థితి ఏంటంటే, నేను వీడియో కాల్ చేస్తే ఆయన ఫోన్ మోగదు. ఆయన యాప్ తెరిచి కూర్చుంటే మాత్రం కాల్ కనబడుతుంది, ఎత్తగానే ఏదో డబ్బా లాంటిది వస్తుందట, అది మూసేస్తే కాల్ కూడా పోతుంది. వాట్సాప్‌లో వెతికితే నా పేరే లేదంటున్నారు. నిన్న ఫోన్‌లో "నాకిక ఇవి రావులేమ్మా" అన్నారు, ఊరంతటికీ లెక్కలు చెప్పిన మనిషి. ఏం చెయ్యాలి?

కోడూరు_చిన్నోడు
ఎనీడెస్క్ పెట్టించండి. మీరు అక్కడ్నుంచే ఆయన ఫోన్ ఓపెన్ చేసి ఐదు నిమిషాల్లో అన్నీ సెట్ చేసెయ్యొచ్చు. ఈ మెసేజులు రాసుకుంటూ కూర్చోవడం దండగ.

షార్జా_శీను
వాట్సాప్ కాల్ కలవదండీ ఇక్కడ, మెసేజులు వెళ్తాయి కానీ కాల్ నొక్కితే అలా తిరుగుతూనే ఉంటది. మా ఊళ్ళో అందరికీ బోటిమ్ వేయించా. మీరు కూడా అదే వేయండి.

మెల్‌బోర్న్_తెనాలి
@షార్జా_శీను అది యూఏఈలో కదండీ, నేను ఆస్ట్రేలియా, ఇక్కడ వాట్సాప్ కాల్స్‌కి అడ్డేం లేదు. ఆయన యాప్ తెరిచి ఉంచితే కాల్ వస్తోంది కూడా.

షార్జా_శీను
అవునవును మెల్‌బోర్న్ అని పేరులోనే ఉంది, చూడలేదు. యూఏఈలో పిల్లలున్న వాళ్ళు ఎవరన్నా ఇది చదివితే మాత్రం నా మాట గుర్తు పెట్టుకోండి, వాట్సాప్ వేయించి ఎందుకు కలవట్లేదా అని నేను నెల పోగొట్టుకున్నా.

రిటైర్డ్_బ్యాంకు_67
@కోడూరు_చిన్నోడు ఆ మాట మళ్ళీ అనకు బాబూ. నేను 34 ఏళ్ళు బ్యాంకులో చేశా. ఫోన్ చేసి "ఈ యాప్ వేసుకోండి సార్, మేమే సరిచేస్తాం" అని ఖాతాలు ఊడ్చేసేవాళ్ళు వాడేది కూడా అలాంటి స్క్రీన్ చూపించే యాప్‌లనే. యాప్ తప్పుడుది కాదు, నిజమే. కానీ కూతురు ఒకసారి వేయించాక, రేపు ఎవడో "బ్యాంకు నుంచి" అని ఫోన్ చేసి అదే యాప్ తెరవమంటే ఆయనకి కొత్తగా అనిపించదు, అమ్మాయి కూడా ఇదే చెప్పింది కదా అనుకుంటాడు. ఒంటరిగా ఉన్న పెద్దాయన చేతికి ఆ అలవాటు ఇవ్వకూడదు.

కోడూరు_చిన్నోడు
పని అవ్వగానే తీసేస్తే అయిపోద్ది కదా అంకుల్. మా అమ్మకి అలాగే చేశా.

రిటైర్డ్_బ్యాంకు_67
మీ అమ్మగారి పక్కన నువ్వున్నావేమో. ఈయన పక్కన ఎవరూ లేరు.

షాపు_నల్గొండ
నాది మొబైల్ షాపు, రోజుకు ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఇదే పంచాయితీతోని వస్తరు. అక్కా మీ నాన్నకు రాకపోవుడు కాదు, నువ్వు చెప్పింది చెప్పినట్టు చేసిండు, చిక్కంత ఆడనే ఉన్నది. నీ మెసేజ్ మళ్ళ చదువు. ఒక లైన్ల "పర్మిషన్లు ఇచ్చెయ్" అన్నవు, దాని పక్క లైన్ల "తెలియనిది వస్తే Don't allow నొక్కు" అన్నవు. ఆయనకు కెమెరా కావాల్నా, మైక్ కావాల్నా, నోటిఫికేషన్ కావాల్నా అని అడిగేటియి అన్నీ తెలియనియే కదా. అన్నిటికీ Don't allow నొక్కిండు. కాల్ ఎత్తంగనే వచ్చే డబ్బా మైక్, కెమెరా అడిగేదే. ఆండ్రాయిడ్ 11 నుంచి ఏమైందంటే ఒక పర్మిషన్‌కు రెండుసార్లు వద్దని నొక్కితే ఫోన్ మళ్ళ అడగదు, ఇగ సెట్టింగ్స్‌లకు పోయి మనమే ఇయ్యాలె. యాప్ తీసేసి మళ్ళ వేస్తే మళ్ళ మొదటి నుంచి అడుగుతది గానీ ఆ ఓటీపీ కథ కూడా మళ్ళ మొదలైతది, ఆ జోలికి పోకు.

మోగకపోవుడుకు రెండు కారణాలు ఉంటయి. ఒకటి నోటిఫికేషన్, ఆండ్రాయిడ్ 13 నుంచి అది కూడా పర్మిషన్ అడుగుతది, దానికి కూడా వద్దని ఉంటడు. రెండోది బ్యాటరీ, కొన్ని ఫోన్లు వాడని యాప్‌ను నిద్ర పుచ్చుతయి. ఏదో తెలుసుకునుడు కష్టం కాదు. యాప్ తెరిచి, మూసి, ఫోన్ లాక్ చేసినంక నిమిషంల కాల్ చెయ్. అప్పుడు కూడా మోగకుంటే నోటిఫికేషన్. అప్పుడు మోగి, రెండు గంటలు పక్కకు పెట్టినంక మోగకుంటే బ్యాటరీ.

మెల్‌బోర్న్_తెనాలి
మళ్ళీ చదివా అన్నా. చదివాక కాసేపు ఏం మాట్లాడలేకపోయా. ఆ రెండో లైన్ నేనే పెట్టా, మోసాల వార్తలు చూసి భయమేసి. నిన్న ఆయన కూడా అదే అన్నారు, "నువ్వే కదా తెలియనివి వద్దనమన్నావు" అని, నేనే వినిపించుకోలేదు.

అత్తిలి_అమ్మ
ఓటీపీ దగ్గర రెండు రోజులు ఎందుకు ఆగారో కనుక్కున్నావా అమ్మా? నాకు ఊహ వస్తోంది.

మెల్‌బోర్న్_తెనాలి
@అత్తిలి_అమ్మ కనుక్కున్నానండీ. మొదటి రోజు ఓటీపీ స్మార్ట్‌ఫోన్‌లో వస్తుందని దాంట్లోనే చూస్తూ కూర్చున్నారు, అదేమో పాత నంబరున్న బటన్ల ఫోన్‌కి వచ్చింది, అది పూజ గదిలో ఛార్జింగ్‌లో ఉంది. రెండో రోజు అక్కడ చూసి, ఆరంకెలు డైరీలో రాసుకుని, ఎవ్వరికీ చెప్పకూడదని డైరీ బీరువాలో పెట్టి తాళం వేశారు. యాప్‌లో కొట్టాలని ఆయనకి తెలియదు. నేను చెప్పలేదు.

అత్తిలి_అమ్మ
నేను అనుకున్నదే. నేనూ అంతే, మా వాడు డల్లాస్ నుంచి "కోడ్ వచ్చిందా అమ్మా" అంటే "ఎవరికీ చెప్పొద్దన్నావుగా, నీకు మాత్రం ఎందుకు చెప్తాను" అన్నా. వాడు నవ్వి నవ్వి చచ్చాడు. కానీ అందులో నవ్వడానికేముంది, చెప్పినట్టే చేశాగా.

షాపు_నల్గొండ
@అత్తిలి_అమ్మ మీరు చేసిందే కరెక్ట్ అమ్మా, కొడుక్కి కూడా చెప్పొద్దు. కోడ్‌ను ఆ డబ్బాల కొట్టాలె, నోటితోని ఎవరికీ చెప్పొద్దు, గింత విడమర్చి చెప్తే చాలు.

కోడూరు_చిన్నోడు
ఆయన పేర్ల లిస్టులో అక్క నంబర్ లేకపోవడం ఎందుకంటారు? వాట్సాప్ పాత వెర్షనేమో, అప్‌డేట్ కొట్టించండి.

ఫ్రాంక్‌ఫర్ట్_వదిన
వెర్షన్ కాదు. నంబర్ ఎలా సేవ్ చేశారో అడగండి. మా మామగారు నా నంబర్ జర్మనీలో జనం చెప్పుకునేట్టు ముందు సున్నాతో సేవ్ చేసుకున్నారు, ఇండియా ఫోన్‌కి అది ఏ దేశం నంబరో ఎలా తెలుస్తుంది. ఆస్ట్రేలియా అయితే +61 పెట్టి, ముందున్న సున్నా తీసేసి, 4తో మొదలయ్యే మిగతా అంకెలు వేయాలి. ప్లస్ గుర్తు ఎక్కడుందో కూడా చెప్పండి, డయల్ ప్యాడ్‌లో సున్నా నొక్కి పట్టుకుంటే వస్తుంది.

మెల్‌బోర్న్_తెనాలి
@ఫ్రాంక్‌ఫర్ట్_వదిన ఇప్పుడే ల్యాండ్‌లైన్‌కి చేసి అడిగా. అచ్చంగా అదే. సున్నా నాలుగుతో ఉంది. అలా చెప్పింది కూడా నేనే.

రిటైర్డ్_బ్యాంకు_67
ల్యాండ్‌లైన్ ఉందా! అయితే సగం పని అయినట్టే. అమ్మా, మాలాంటి వాళ్ళకి అసలు తలనొప్పి ఏమిటంటే నీ సూచన చదవాల్సిందీ, పని చెయ్యాల్సిందీ ఒకే ఫోన్‌లో. సూచన చూద్దామని వెళ్తే పని చేస్తున్న తెర మాయమవుతుంది, వెనక్కి వస్తే ఇంకేదో తెర. మీ నాన్న కంప్యూటర్‌లో మెయిల్ చూస్తారు గనక మెయిల్ అక్కడ తెరిచి ఉంచి, ఫోన్ చేతిలో పట్టుకుని, నువ్వు ల్యాండ్‌లైన్‌లో స్పీకర్ మీద ఉండు. ఒక్క తెర దాటాక ఏం కనబడుతోందో ఆయన్ని చదవమను. నువ్వు చెప్పడం కన్నా ఆయన చదవడం ముఖ్యం.

ఇంకొకటి. మెసేజ్ చివర "చాలా ఈజీ" అని ఎప్పుడూ రాయకు. చేతకాకపోతే ఆ మాట గుచ్చుకుంటుంది.

కోడూరు_చిన్నోడు
ల్యాండ్‌లైన్‌కి స్పీకరుంటదా?

రిటైర్డ్_బ్యాంకు_67
మా ఇంట్లోదానికి ఉంది. లేకపోతే ఆ బటన్ల ఫోన్‌కి ఉంటుంది.

అత్తిలి_అమ్మ
కాల్ కలిశాక కూడా ఉంటాయమ్మా తిప్పలు. నేను మొదటి నెల ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మాట్లాడా, మనవరాలు "నానమ్మ చెవిలో కమ్మ కనబడుతోంది" అంది. తర్వాత బుగ్గ తగిలి మైకు ఆగిపోయేది. ఇప్పుడు పప్పుల డబ్బాకి ఆనించి పెడతా, చేతులు ఖాళీ, చిక్కుడుకాయలు కూడా వలుచుకోవచ్చు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మొహం నల్లగా కనబడుతుంది, కిటికీ వైపు తిరగమని చెప్పు. కాసేపటికి బటన్లన్నీ మాయమవుతాయి, కాల్ ఎలా ఆపాలో తెలియక నేను ఫోన్ స్విచాఫ్ చేసేదాన్ని. తెర మీద ఒకసారి తాకితే మళ్ళీ వస్తాయి.

షాపు_నల్గొండ
ఇంకో ముచ్చట. ప్లే స్టోర్‌ల వెతికితే పైన ఫస్ట్ వచ్చేది ఒక్కోసారి యాడ్, వేరే యాప్. Sponsored అని చిన్నగ రాసుంటది. ఈసారి ఆయన అసలుదే వేసిండు గాబట్టి సరిపాయె, మిగతావాళ్ళు పేరు కింద WhatsApp LLC ఉన్నదా చూసుకోమనుండ్రి. జీబీ వాట్సాప్ అని లింకులు పంపుతరు, దాని పొంటి పోవద్దు.

మెల్‌బోర్న్_తెనాలి
రాత్రి కూర్చుని మెయిల్ మళ్ళీ రాశా. ఇన్‌స్టాల్ అయిపోయింది కాబట్టి మిగిలినవే రాశా. బటన్ల పేర్ల కోసం తమ్ముడి ఫోన్ ఫొటోలు తెప్పించుకున్నా, నాన్నది కూడా అదే మోడల్. చూడండి:

"నాన్నా, ఇది కంప్యూటర్‌లో తెరిచి ఉంచి ఫోన్ చేతిలోకి తీసుకో. ఒక్కో పేరా చేశాక ఆగు, నేను ల్యాండ్‌లైన్‌లో ఉంటా.

తెలియనివి వద్దనమని నేను రాసింది ఈ యాప్‌కి తప్పు. నువ్వు నేను చెప్పినట్టే చేశావు. ఇప్పుడు కెమెరా, మైక్, నోటిఫికేషన్ మూడూ తిరిగి ఇద్దాం.

ఫోన్‌లో వాట్సాప్ బొమ్మ మీద వేలు పెట్టి వదలకుండా నొక్కి పట్టుకో. చిన్న చీటీ తెరుచుకుంటుంది, అందులో App info అని ఉంటుంది, అది నొక్కు. కొత్త పేజీలో పైన WhatsApp అని పేరు కనబడాలి. కనబడకపోతే ఏమీ నొక్కకుండా నాకు చెప్పు.

అదే పేజీలో Permissions అని ఉంటుంది. నొక్కితే Camera, Microphone ఉంటాయి. Camera నొక్కి Allow only while using the app అన్న దాని పక్కన గుండ్రం నొక్కు. అంటే యాప్ వాడుతున్నంతసేపే కెమెరా పనిచేస్తుంది. వెనక్కి వచ్చి Microphone‌కి కూడా అదే చెయ్యి.

ఇంకొకసారి వెనక్కి వస్తే Notifications ఉంటుంది. నొక్కితే పైన ఒక స్విచ్ ఉంటుంది, ఆపేసి ఉంటే బూడిద రంగులో ఉంటుంది, తాకితే రంగు మారుతుంది. నీ ఫోన్ మోగాలంటే ఇదే కావాలి.

ఇప్పుడు నా పేరు తెరిచి నంబర్‌లో మొదటి సున్నా తీసేసి, దాని చోట +61 వెయ్యి.

అయ్యాక ఫోన్ బల్ల మీద పెట్టు. నేను కాల్ చేస్తా, నువ్వేమీ నొక్కి ఉంచక్కర్లేదు."

రిటైర్డ్_బ్యాంకు_67
ఇది నేను చదివి చేసుకోగలను. "కనబడకపోతే ఏమీ నొక్కకుండా నాకు చెప్పు" అన్నది మంచి మాట.

షాపు_నల్గొండ
బ్యాటరీది రాయలే అక్కా. అదే పేజీల Battery ఉంటది, Unrestricted పెట్టాలె.

మెల్‌బోర్న్_తెనాలి
కావాలనే వదిలేశా అన్నా. మీరు చెప్పిన పరీక్ష చేసి, అవసరమైతేనే చెప్తా. ఒకేసారి అన్నీ పెడితే మళ్ళీ ఏది దేనికో ఆయనకి తెలియదు, నాకూ తెలియదు.

షాపు_నల్గొండ
గదీ కరెక్టే.

రిటైర్డ్_బ్యాంకు_67
ఇంకొక్కటి, ఈసారి కాదు, కుదురుకున్నాక. వాట్సాప్‌లో Settings, Privacy, Calls లోపల Silence unknown callers అని ఉంది, అది వేయించు. పోలీసు యూనిఫారం వేసుకుని వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అంటున్నవాళ్ళు తెలియని నంబర్ల నుంచే వస్తారు. చట్టంలో అలాంటి అరెస్ట్ లేనే లేదని చెప్పు. డబ్బు పోయిందంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెయ్యాలి, ఆ నంబర్ బల్ల మీద రాసి పెట్టించు.

ఫ్రాంక్‌ఫర్ట్_వదిన
@రిటైర్డ్_బ్యాంకు_67 అది వేసే ముందు కూతురి నంబర్ +61తో సరిగ్గా సేవ్ అయిందో లేదో చూడాలి అంకుల్. లేకపోతే ఆవిడే తెలియని మనిషి అవుతుంది, ఆవిడ కాలే మోగదు. మా ఇంట్లో అదే జరిగింది, వారం రోజులు మామగారు అలిగానేమో అనుకున్నారు.

రిటైర్డ్_బ్యాంకు_67
అది నాకు తట్టలేదు. నంబర్ ముందు, ఇది తర్వాత.

మెల్‌బోర్న్_తెనాలి
ఆదివారం చేశాం. నలభై నిమిషాలు పట్టింది. App info దగ్గర మొదట వేలు త్వరగా వదిలేసి యాప్ తెరుచుకుంటోంది, మూడోసారికి వచ్చింది. ఆ తర్వాత ఆయనే గట్టిగా చదువుతూ వెళ్ళారు, క్లాసులో లెక్క చదివించినట్టు. స్విచ్ దగ్గర "బూడిద రంగే ఉందమ్మా, ఇప్పుడు ఆకుపచ్చ అయింది" అన్నారు. ఫోన్ బల్ల మీద పెట్టించి కాల్ చేశా. ల్యాండ్‌లైన్‌లోంచి దాని మోత నాకు వినబడింది.

ఎత్తాక మొదట సీలింగ్ ఫ్యానే కనబడింది. తర్వాత గడ్డం. తర్వాత మొత్తం. చిక్కిపోయారు. ఇన్నాళ్ళూ ఫోన్‌లో "బాగానే తింటున్నా" అంటుంటే నమ్మేశా.

అత్తిలి_అమ్మ
గొంతులో తెలియదమ్మా అది. రోజూ కాకపోయినా వారానికి రెండుసార్లు చెయ్యి.

మెల్‌బోర్న్_తెనాలి
తమ్ముడు ఈ వారం వెళ్తున్నాడు, డాక్టర్‌కి చూపిస్తాడు.

@షాపు_నల్గొండ పరీక్ష కూడా చేశా. యాప్ మూసిన నిమిషంలో చేస్తే మోగింది. మర్నాడు పొద్దున చేస్తే మోగలేదు. అంటే బ్యాటరీనేనా?

షాపు_నల్గొండ
రాత్రి పడుకునే ముందట అన్ని యాప్‌లు పైకి తోసి మూసేస్తడా అడుగు. చాలామంది ఛార్జింగ్ మిగులుతదని మూసేస్తరు. కొన్ని ఫోన్లల్ల గట్ల మూస్తే యాప్ పూర్తిగ ఆగిపోతది, మళ్ళ తెరిచేదాంక కాల్ రాదు. ముందుగాల అది బంద్ చేయించి చూడు, అప్పుడు కూడా మోగకుంటే Unrestricted పెట్టు. ఫోన్‌ను బట్టి Autostart అని ఇంకోటి కూడా ఉండొచ్చు.

మెల్‌బోర్న్_తెనాలి
అడిగా. రోజూ రాత్రి గేటుకి తాళం వేసొచ్చి అన్నీ మూసేస్తారట. ఈ రాత్రికి వాట్సాప్ ఒక్కటీ వదిలెయ్యమన్నా. "తాళం వెయ్యకుండా పడుకోమంటావా" అన్నారు.

ఫ్రాంక్‌ఫర్ట్_వదిన
టైమ్ కూడా రాసివ్వండి. అక్టోబర్ మొదటి ఆదివారం మీ దగ్గర గడియారం గంట ముందుకి జరుగుతుంది కదా, అప్పుడు తేడా నాలుగున్నర గంటల నుంచి ఐదున్నర అవుతుంది. మా దగ్గర గడియారం మారిన వారం మావాళ్ళు ఫోన్ ముందు గంటసేపు కూర్చుండిపోయారు.

మెల్‌బోర్న్_తెనాలి
డైరీలో రాయించా, ఓటీపీ రాసిన పేజీ కిందే. రేపు పొద్దున ఆయనకి ఏడింటికి చేస్తా, మోగిందో లేదో వచ్చి చెప్తా.